మేము వెళ్ళిన రోజున

మా వదినను ఇంట్లో అందరూ 'బహుశా' అంటారు. ఆ పేరు పెట్టింది మా ఆయన, అంటే ఆవిడ సొంత తమ్ముడే. వాన వస్తుందా అక్కా అంటే "రావచ్చు" అంటుంది. అన్నం ఉడికిందా అంటే "ఉడికే ఉండాలి, మూత తీసి చూడు" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్క మాటకు ఒక్క జవాబు చెబితే ఈవిడ సొమ్మేం పోతుందో అనుకునేదాన్ని.

ముప్ఫై ఏళ్ళపాటు ఆవిడ బస్‌స్టాండులో ఎంక్వైరీ కౌంటర్ వెనక కూర్చుంది. అద్దానికి ఉన్న గుండ్రటి కన్నంలోంచి అడిగినవాళ్ళకు జవాబులు చెప్పడం, మైకులో బస్సుల రాకపోకలు చదవడం ఆవిడ పని. చేరిన మొదటి సంవత్సరం ఒకాయన వచ్చి రెండున్నర బస్సు ఉందా అని అడిగితే, చార్టు చూసి "ఉందండీ, వస్తుంది" అందట. ఆ బస్సు ఆ రోజు రద్దయింది, కౌంటరుకు ఆ కబురు అందలేదు. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. తిట్టలేదు, అరవలేదు. కన్నం దగ్గర నిలబడి "మీరు వస్తుందన్నారు కదమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆయన ఎక్కడికి వెళ్ళాల్సి ఉందో, వెళ్ళలేక ఏం పోగొట్టుకున్నాడో ఆవిడకు ఈనాటికీ తెలియదు. తెలిసి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో అంటుంది.

రిటైరయ్యాక పైవాటాలో ఊరికే కూర్చోలేక మా పనిలో చేరింది. మాది ఊళ్ళు చూపించే యూట్యూబ్ ఛానల్. మా ఆయన తిరుగుతాడు, మాట్లాడతాడు. నేను భోజనాల గదిలో ఫ్రిజ్ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుని వీడియో కత్తిరించి అతికిస్తాను. వీడియోకు పేరు, కింద రాసే వివరం, ఏ నిమిషంలో ఏముందో చెప్పే వరస, వెతికేవాళ్ళకు దొరికేలా పెట్టే ట్యాగులు, ముందు కనిపించే బొమ్మ మీది అక్షరాలు, ఇవన్నీ వదిన పని. చూడటానికి ఇది తోకలా ఉంటుంది కానీ నిజానికి తల. జనం వీడియో కంటే ముందు చూసేది ఆ రెండు లైన్లనే. చాలామంది ఆ రెండు లైన్లు చూసే బయలుదేరతారు కూడా.

వదిన దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ప్రతి ఊరికీ ఒక పేజీ, పేజీకి మూడు గడులు. మొదటి గడిలో మారనివి: కొండ, మెట్లు, రైలు స్టేషను ఏ వైపుంది. రెండో గడిలో మెల్లగా మారేవి: గదులు ఎక్కడ ఇస్తారు, సామాను ఎక్కడ పెట్టాలి. మూడో గడిలో రేపు పొద్దున్నే మారిపోగలిగేవి: వేళలు, టికెట్టు ధరలు, ఎంతసేపు వరసలో నిలబడాలి అన్నది. వీడియో పేరులోకి మొదటి గడి తప్ప ఇంకేదీ పోదు. రెండో గడిని వివరంలో రాస్తుంది, తారీఖు వేసి. మూడో గడిలోవి రాయాల్సి వస్తే ప్రతి వాక్యం ముందూ "మేము వెళ్ళిన రోజున" అని మొదలుపెట్టి, "బయలుదేరే ముందు అక్కడి ఆఫీసులో కనుక్కోండి" అని ముగిస్తుంది. ఆ రెండు ముక్కలూ చదివి చదివి నాకు విసుగెత్తింది. పక్క ఛానళ్ళవాళ్ళు "గంటలో దర్శనం", "ఇంత చవకగా గది" అని ఎర్రటి అక్షరాలతో అరుస్తుంటే, మా వీడియోలు నోట్లో నాలుక లేనట్టు ఉండేవి.

ఈ కథ ఒక యాత్రాస్థలం వీడియోది. కొండ మీద మందిరం, కింద ఊరు, రైలు స్టేషను. పైకి మెట్లదారి ఉంది, లేదంటే కొండ బస్సులు. మా ఆయన వెళ్ళి షూట్ చేసుకొచ్చాడు. వదిన ఎప్పటిలాగే పేరు రాసిచ్చింది: "కొండ మీది మందిరానికి ఎలా వెళ్ళాం: మెట్లదారి, బస్సుదారి, గది వెతుకులాట". ఆ వెంటనే ఆవిడ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. పదిరోజులు ఫోన్ గానీ కంప్యూటర్ గానీ చూడొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు.

ఇక నాకు పగ్గాలు చేతికొచ్చినట్టయింది. వదిన రాసిన పేరు కొట్టేశాను. "కొండకు పక్కా టైమింగ్స్! చివరి బస్సు 5:30, ఒక్క రోజులో దర్శనం" అని పెట్టాను. బొమ్మ మీద కూడా "చివరి బస్సు 5:30" అని బోర్డుతో సహా వేశాను. ఆ బోర్డు మా ఆయన తీసిన షాట్‌లోదే, అబద్ధం కాదు కదా అనుకున్నాను. వివరంలో మొదటి రెండు లైన్లే పైకి కనిపిస్తాయి, మిగతాది కావాలంటే నొక్కి చూడాలి. వదిన జాగ్రత్తలన్నీ ఆ నొక్కి చూసే భాగంలోకి నెట్టేశాను. వారంలో ఆ వీడియోను మా మిగతా వీడియోలన్నీ కలిపినా రానంతమంది చూశారు. నా కళ్ళు నెత్తికెక్కాయని ఒప్పుకుంటాను.

పదకొండో రోజు పొద్దున తొమ్మిదింటికి వదిన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కిందికి దిగి వచ్చింది. వచ్చీ రాగానే ఎప్పటిలాగే కామెంట్లు తెరిచింది. నేను కాఫీ కలుపుతూ ఒక చెవి అటే వేసి ఉంచాను. పేరు మార్చిన సంగతి చూసి తిడుతుందని నా భయం. ఆవిడ తిట్టలేదు. ఒక కామెంట్ దగ్గర ఆగి, దాన్ని రెండుసార్లు చదివింది. ఆ తర్వాత, "అమ్మాయ్, ఇలా రా" అంది.

ముందురోజు సాయంత్రం ఒకావిడ రాసిన కామెంట్ అది. పేరు లేదు, ముఖం బదులు పసుపు పువ్వు బొమ్మ ఉంది. "మా అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, పది మెట్లు కూడా ఎక్కలేదు. మీ వీడియో చూసి ధైర్యం చేసి టికెట్లు తీసుకున్నాం. రేపు మా రైలు నాలుగున్నరకు చేరుతుంది. కొండ మీద గది తీసుకున్నాం. ఐదున్నర బస్సు అందుతుంది కదండీ?"

దాని కింద మా ఛానల్ తరఫున ఎర్రటి గుండె బొమ్మ ఒకటి ఉంది.

"గుండె ఎవరు పెట్టారు?" అంది వదిన.

మా ఆయన సగం గడ్డం గీసుకున్న ముఖంతో తలుపు దగ్గరికి వచ్చాడు. "నేనే అక్కా. అందరికీ పెడతాను కదా. చదివామని తెలియడానికి."

"వాళ్ళకి అలా తెలియదురా. 'అందుతుంది' అన్నావని తెలుస్తుంది."

"అందుతుంది కదా మరి! బోర్డు మీద ఐదున్నరని ఉంది, నేను నిలబడి తీశాను."

"ఎప్పుడు తీశావు?"

"పోయిన నెల మొదట్లో."

వదిన తెరకు దగ్గరగా వంగి బోర్డు బొమ్మ చూసింది. "ఆ బోర్డు మీద ఆఫీసు నంబరు ఉండాలి. వీడియోలో కనపడట్లేదు. అమ్మాయ్, అసలు షాట్ తీయి" అంది.

ఆ నంబరు వీడియోలో ఎందుకు లేదో నాకు తెలుసు. బోర్డు కింది సగం నేనే కోసేశాను. అక్కడ ఎవరో తెల్లకాగితం ఒకటి అతికించారు. ఒక మూల ఊడి, గాలికి ఎగురుతూ, కంట్లో నలుసులా ఉంది. బొమ్మ అందంగా రావాలని అక్షరాల దాకా దగ్గరికి లాగి, కాగితాన్ని ఫ్రేమ్ బయటికి తోసేశాను. దాని మీద ఏముందో చదవలేదు. చదవాలన్న ఆలోచన కూడా రాలేదు. వీడియోలు కత్తిరించే వాళ్ళకు మచ్చ కనిపిస్తుంది కానీ మచ్చలో ఏం రాసుందో కనిపించదు.

చేతులు వణుకుతుంటే ఫైలు తెరిచాను. వదినకు ఒక కన్ను ఇంకా మసకే. "చదువు" అంది.

చదివాను. "ఈ వేళలు ఈ నెలాఖరు వరకే. వచ్చే నెల ఒకటి నుంచి పైకి వెళ్ళే చివరి బస్సు సాయంత్రం 4:00."

ఆ రోజు మూడో తారీఖు.

మా ఆయన ముఖం మీది సబ్బు నురగ ఎండిపోయింది. వదిన మాత్రం కింద ఉన్న ఆఫీసు నంబరు ఒక్కో అంకె నాతో చదివించుకుని ఫోన్ చేసింది. కాగితం మీద ఉన్నదాన్ని కూడా ఆవిడ నమ్మలేదు. నాలుగోసారికి ఎవరో ఎత్తారు. అవును, ఈ నెల నుంచి నాలుగింటికే ఆఖరు అన్నారు. "వచ్చే వారం కూడా ఇంతేనా?" అని అడిగింది వదిన. "అది అప్పుడు అడగండమ్మా" అన్నారు అవతల. వదిన ఆ మాటకు తృప్తిగా తలూపింది. ఆవిడకు అలాంటి మనిషే కావాలి.

"వీడియో తీసేద్దామా వదినా?" అన్నాను. నాకు దాన్ని చూడాలంటేనే భయంగా ఉంది.

"తీసేస్తే మన జవాబు కూడా పోతుంది. చూసేసినవాళ్ళకి మనం చెప్పగలిగే చోటు ఇదొక్కటే."

ముందు ఆ కామెంటుకు జవాబు రాశాం. గుండె బొమ్మ తీసేశాం. వీడియో పేరు మార్చాం, బొమ్మ మార్చాం. వివరంలో జాగ్రత్తలను మొదటి రెండు లైన్లలోకి తెచ్చాం. అందరికీ పైన కనిపించేలా ఒక కామెంట్ పిన్ చేశాం. ఇవన్నీ అరగంట పని. కానీ మా ఆయన వీడియోలో నోటితో "పక్కా ఐదున్నర" అన్నాడు. ఆ తొమ్మిది సెకన్లు కోయమని ఆదేశం ఇస్తే, పూర్తవడానికి గంటలు పడతాయని తెర మీద ఒక చక్రం తిరగడం మొదలైంది. ఆ తొమ్మిది సెకన్లు పోతే, ఏ నిమిషంలో ఏముందో చెప్పే వరసలో ఆ తర్వాతవన్నీ తొమ్మిది సెకన్లు ముందుకు జరుగుతాయి. వదిన వేళ్ళ మీద లెక్కపెట్టి కొత్త వరస నాతో రాయించింది. ఇంత గందరగోళంలోనూ ఆ వరస ఎందుకని నేను విసుక్కుంటే, "తప్పు దిద్దేటప్పుడు ఇంకో తప్పు చేస్తే ఎలాగమ్మాయ్" అంది.

పసుపు పువ్వు దగ్గర్నుంచి జవాబు లేదు.

పది దాటింది. పదకొండు దాటింది. వాళ్ళు ఈపాటికి రైల్లో ఉంటారు. సిగ్నల్ ఉంటుందో ఉండదో. ఉన్నా, వీడియో చూసేసి టికెట్లు కొనుక్కున్న మనిషి మళ్ళీ ఆ వీడియో పేరు మారిందా అని ఎందుకు చూస్తుంది? ఆవిడకు ఫోన్ చేయడానికి నంబరు లేదు, మెసేజ్ పెట్టే దారి లేదు. పువ్వు బొమ్మ తప్ప మా దగ్గర ఏమీ లేదు. నేను ప్రతి రెండు నిమిషాలకూ తెర చూస్తూ, మధ్యలో ఖాళీ గిన్నెలు తోముతూ, తోమినవే మళ్ళీ తోముతూ తిరిగాను. ఆ ముసలావిడ కొండ కింద సంచి మీద కూర్చుని ఉన్నట్టు, కూతురు మెట్ల వైపు చూస్తున్నట్టు నాకు కనిపిస్తూనే ఉంది. ఇంత చేసింది ఒక తెల్లకాగితం నా కంటికి నచ్చకపోవడం.

వదిన పైకి వెళ్ళి పాత డైరీ ఒకటి తెచ్చింది. కౌంటర్లో ఉన్నప్పుడు రాసుకున్న ఎంక్వైరీ నంబర్లు అందులో ఉన్నాయి. ఆ ఊరి రైలు స్టేషనువి మూడు. రెండు పనిచేయడం లేదు. మూడోది ఎంగేజ్. ఎంగేజ్. మళ్ళీ ఎంగేజ్. మధ్యాహ్నం అన్నం ఎవరూ సరిగా తినలేదు. రెండు దాటాక ఫోన్ ఎత్తారు. వదిన స్పీకర్ పెట్టింది.

"ఎంక్వైరీ" అంది అవతల ఒక మగ గొంతు, బాగా అలిసిపోయి.

"బాబూ, నేనూ ముప్ఫై ఏళ్ళు ఎంక్వైరీలో చేశాను. ఒక సాయం అడుగుతాను, కుదరకపోతే కుదరదని చెప్పు."

గొంతు కాస్త మెత్తబడింది. "చెప్పండమ్మా."

వదిన జరిగిందంతా చెప్పింది. నా పేరు చెప్పలేదు. "మా వీడియోలో తప్పు రాశాం" అంది, అంతే. ఆ 'మా' విని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పేరు లేకుండా ఎలా పిలవనమ్మా? ఎవరని పిలవను?"

"కొండకు ఐదున్నర బస్సు ఉందనుకుని వస్తున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను వెంట తెచ్చుకున్నవాళ్ళు, బయటికి వెళ్ళే ముందు ఎంక్వైరీ దగ్గరికి రావాలి అని చదువు. నాలుగున్నర బండి ఆగగానే ఒకసారి, ఐదు నిమిషాలాగి ఇంకోసారి."

"చివరి బస్సు నాలుగింటికేనని కూడా చెప్పెయ్యనా?"

"వద్దు బాబూ. నీ నోటితో టైము చెప్పకు. ఒకవేళ ఈ రోజు ఇంకో బస్సు వేస్తే? నీ దగ్గరికి రమ్మను. వచ్చాక కొండ ఆఫీసుకు వాళ్ళ ముందే ఫోన్ చేసి అడుగు."

అవతల చిన్న నవ్వు వినిపించింది. "మీరు నిజంగా ఎంక్వైరీలో చేశారమ్మా" అన్నాడు. వదిన తన నంబరు ఇచ్చింది.

నాలుగున్నరయింది. ఐదయింది. మా ఆయన కాలు కాలిన పిల్లిలా ముందు గదిలో తిరుగుతున్నాడు. నేను ఇక ఆగలేకపోయాను. "వదినా, ఆ కాగితం నేనే కోసేశాను. మచ్చలా ఉందని. చదవలేదు" అన్నాను.

"తెలుసు. షాట్ తెరవమన్నప్పుడు నీ చేతులు చూశాను."

"తిట్టండి."

"తిడితే నీకు తేలికవుతుంది" అంది వదిన. అంతకంటే పెద్ద తిట్టు ఆవిడ నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

ఐదుంపావుకు ఫోన్ మోగింది. ఎంక్వైరీ అబ్బాయే.

"అమ్మా, మైకులో చదివాను. మోకాళ్ళ నొప్పులతో ఏడుగురు వచ్చారు. వాళ్ళలో మీరు చెప్పినావిడ ఎవరో నాకు తెలియట్లేదు."

"ఏడుగురా?"

"ఏడు కుటుంబాలమ్మా. అందులో నాలుగు మీ వీడియో చూసే వచ్చాయట. ముందే ఫోన్లో దాచుకున్న బొమ్మ నాకు చూపించారు, 5:30 అని పెద్దగా ఉంది. కొండ ఆఫీసుకు ఫోన్ చేశాను, ఈ పూట ఇంకో బస్సు లేదన్నారు. పొద్దున ఉందన్నారు, అదీ అడిగి వెళ్ళమన్నాను. ప్రస్తుతానికి వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టాను. ఒక పెద్దాయన మాత్రం కోపంగా ఉన్నాడు. కొండ మీద గదికి కట్టింది పోయిందట."

"ఆయనకు కోపం రావాల్సిందే" అంది వదిన. "పసుపు పువ్వు బొమ్మ పెట్టుకున్నావిడ ఉందా అందులో? అమ్మా, కూతురూ?"

అతను అందరినీ అడిగాడు. మాకు అతని గొంతు దూరంగా వినపడింది. లేరన్నాడు.

నేను ఒక తల్లి గురించి రోజంతా ఏడ్చాను. ఇంకా నాలుగు కుటుంబాలు ఉన్నాయని నాకు తట్టనే లేదు. అడిగిన మనిషి ఒక్కతే కనిపించింది. అడగకుండా నమ్మినవాళ్ళు కనిపించలేదు. ఆ సాయంత్రం నేను మా వీడియో ఎంతమంది చూశారన్న అంకెను మళ్ళీ చూశాను. వారం రోజులు ఆ అంకె చూసి మురిసిపోయాను. ఇప్పుడు ఒక్కో అంకె వెనకా ఒక మనిషి సంచి పట్టుకుని నిలబడినట్టు అనిపించి తెర మూసేశాను.

ఆ అమ్మాకూతుళ్ళు ఏమయ్యారో నాలుగు రోజులు తెలియలేదు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. అనౌన్స్‌మెంట్ వినకుండా బయటికి వెళ్ళిపోయారేమో, మెట్లెక్కబోయారేమో అని. ఐదో రోజు పొద్దున పసుపు పువ్వు జవాబు రాసింది.

"మీ మెసేజ్ ఇప్పుడే చూశానండీ. ఆ రోజు మేము బయలుదేరనే లేదు, అమ్మకు జ్వరం వచ్చింది. వచ్చే వారం వెళ్దామనుకుంటున్నాం. చివరి బస్సు కచ్చితంగా ఎన్నింటికో చెప్పగలరా? మీరు చెబితే అదే నమ్మకంతో వెళ్తాం."

ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో నా వేళ్ళు వాటంతట అవే "నాలుగింటికి" అని టైప్ చేశాయి. వెనకే నిలబడ్డ వదిన చెయ్యి నా కుర్చీ వీపు మీదికి వచ్చింది. చెరిపేశాను.

చాలాసేపు ఆలోచించి ఇలా రాశాను: "మాకు తెలియదండీ. మేము వెళ్ళిన రోజున బోర్డు మీద ఐదున్నర అని ఉంది. ఆ బోర్డు కింద, వచ్చే నెల నుంచి వేళలు మారతాయని ఒక కాగితం కూడా ఉంది. అందంగా లేదని దాన్ని మీకు కనపడకుండా కోసేసింది నేనే. ఈ నెల మూడో తారీఖున నాలుగు కుటుంబాలు నా వల్ల స్టేషన్లో ఉండిపోయాయి. బయలుదేరే రోజు పొద్దున కొండ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. మమ్మల్ని నమ్మకండి."

మా ఆయన చదివి, "ఆఖరి వాక్యం తీసేయ్, ఛానల్ పరువు పోతుంది" అన్నాడు.

"ఉండనీ" అంది వదిన. ఆపరేషన్ అయిన కన్నును తెరకు దగ్గరగా పెట్టి, అక్షరం అక్షరం చదువుకుంది. తర్వాత మౌస్ తన చేతిలోకి తీసుకుని, ఆ రోజు పైన పిన్ చేసి ఉంచిన కామెంట్‌ను తీసేసింది. నేను రాసినదాన్నే కొత్త కామెంటుగా పెట్టి, అందరికీ పైన కనిపించేలా పిన్ చేసింది.